ఎత్తని బరువు

సూళ్లూరుపేటలో హజరత్తయ్య జిమ్ము ఒకప్పుడు బియ్యం గోదాము. గోడలకింకా తవుడు వాసన పోలేదు. చూరు మీద పావురాలు కూడా మకాం మార్చలేదు. హజరత్తయ్య అందులో నాలుగు రాడ్లు, ఒక కుప్ప ఇనుప ప్లేట్లు, నేల మీద రబ్బరు చాపలు వేసి, పైన రేకు బోర్డు తగిలించాడు. నాయుడుపేట వైపు మాగాణి ఉన్న కుటుంబంలో పుట్టినవాడు వడ్ల బస్తాలు మోయకుండా ఇనుము మోయడం ఏమిటని వాళ్ల నాన్న అడిగేవాడు. బస్తా అయితే మోసినందుకు ఎక్కడికో చేరుతుంది, ఈ ఇనుము ఎత్తిన చోటే దించుతావు కదరా అని ఆయన బాధ. 

ఊళ్లో అతన్ని 'లెక్కల జిమ్మాయన' అంటారు. జిమ్ముకు వచ్చిన ప్రతి కుర్రాడూ మొదటివారం తిరక్కుండానే అడిగేది ఒకటే. "అన్నా, నా మ్యాక్స్ ఎంతో చూద్దామా?" ఒక్కటంటే ఒక్కసారి, ప్రాణం బిగబట్టి, ఎంత ఎత్తగలడో చూసుకోవాలని వాళ్ల కోరిక. హజరత్తయ్య చూడనివ్వడు. "చూడక్కర్లేదు, లెక్క కడదాం" అంటాడు. బలం చూపించుకోవడానికి వచ్చినవాడికి ఎక్కాలు చెప్పే జిమ్ము జిల్లా మొత్తం మీద అదొక్కటే.

ఆ లెక్క కూడా పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక బరువును మూడు నుంచి ఐదుసార్ల దాకా శుభ్రంగా ఎత్తించేవాడు. నడుం వంగినా, బరువు మోకాలి దగ్గర ఆగి వణికినా అక్కడితో ఆపేసేవాడు. ఎత్తిన బరువును ఎన్నిసార్లు ఎత్తాడో ఆ సంఖ్యతో గుణించి, ముప్పైతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ ఆ బరువుకే కలిపేవాడు. వంద కిలోలు మూడుసార్లు ఎత్తితే వందకు పది కలిసి నూటపది. ఒక్కసారికి వాడు ఎత్తగలిగేది దాదాపు అంత. అందులో కూడా పదో వంతు కోసేసి, మిగిలిన దాని మీద వారం వారం శాతాలు వేసేవాడు. ఈ వారం మూడు సెట్లు, అంటే మూడు విడతలు: అరవై ఐదు, డెబ్బై ఐదు, ఎనభై ఐదు శాతం. పై వారం ఇంకొంచెం.

"పదో వంతు ఎందుకన్నా కోసేది? ఎవురికి పోతుందది?" అని ఒకడు అడిగాడు.

"నీకు నిద్దర చాలని రోజుకు, జరమొచ్చిన రోజుకు, ఇంట్లో కొట్లాడొచ్చిన రోజుకు పోతుంది. లెక్క వేసిన రోజు ఉన్నట్టే రోజూ ఉంటావా?" అన్నాడు హజరత్తయ్య.

ఈ జాగ్రత్త అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. వయసులో ఉన్నప్పుడు అతను డెడ్‌లిఫ్ట్‌లో జిల్లాకంతటికీ పేరున్నవాడు. నేల మీద ఉన్న రాడ్‌ను రెండు చేతులతో పట్టి నడుం నిటారుగా నిలిచేదాకా లేపడమే డెడ్‌లిఫ్ట్. రాష్ట్ర పోటీ వారంలో ఉందనగా, తన మ్యాక్స్ ఎంతో తెలియకుండా పోటీకి ఎలా వెళ్లడమని ఒక సాయంత్రం జిమ్ములో పరీక్షించుకున్నాడు. రెండువందల పది కిలోలు లేచాయి. జీవితంలో అతను ఎత్తిన అన్నిటికంటే పెద్ద బరువు అదే. చూసింది మాత్రం ఊడ్చడానికి వచ్చిన మస్తానమ్మ ఒక్కతే. ఆమె కూడా "కాస్త జరుగు బ్బయ్యా, ఈడ దుమ్ముండాది" అని మాత్రమే అంది. నాలుగు రోజుల తర్వాత పోటీలో అంతకంటే చాలా తక్కువ బరువు మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ నేల మీదే వదిలేశాడు. ఉన్న బలమంతా జిమ్ములో ఖర్చు పెట్టి, పోటీకి ఒట్టి శరీరాన్ని తీసుకుపోయాడు. నడుం ఆ ఏడాదంతా సలిపింది. అప్పటినుంచీ మ్యాక్స్ అనే మాట వింటే అతని మొహం చేదు మాత్ర మింగినట్టయ్యేది. భార్య వెంకటశేషమ్మ మాత్రం, "మా ఆయన బలమెంతో దేవుడికీ, మస్తానమ్మకీ మాత్రమే తెలుసు" అని చుట్టాల దగ్గర నవ్వేది.

ఇలా ఉండగా మాలకొండమ్మ వచ్చింది.

ఆమెది పులికాట్ ఒడ్డున ఒక పల్లె. మొగుడు చిన్నపోలయ్య సరస్సులో వేటకు వెళతాడు. ఆమె రొయ్యలూ చేపలూ ఐసు పెట్టెల్లో సర్ది చెన్నై వెళ్లే బండ్లకు ఎక్కిస్తుంది. పాతికేళ్లుగా పెట్టెలు ఎత్తీ ఎత్తీ నడుం పట్టేసింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ "బరువులు ఎత్తొద్దు" అని ఒక మాటా, "లేదంటే సరిగ్గా ఎత్తడం నేర్చుకో" అని ఇంకో మాటా చెప్పి పంపింది. మొదటి మాట పాటిస్తే ఇల్లు గడవదు కాబట్టి రెండోది పట్టుకుని ఆమె గోదాము గుమ్మంలో నిలబడింది.

"అన్నా, ఈడ ఎత్తేది నేర్పిస్తారంట గదా?"

లోపల ఉన్న కుర్రాళ్లు నవ్వారు. హజరత్తయ్య నవ్వలేదు. ఆమె వంగే తీరు చూపించమన్నాడు. చూసి, ఇంతకాలం నడుం విరక్కుండా ఎలా ఉందా అని ఆశ్చర్యపోయాడు. ముందు ఖాళీ రాడ్‌తో మొదలుపెట్టించాడు. తుంటి ఎలా వెనక్కి నెట్టాలో, రాడ్ కాలి ఎముకను రాసుకుంటూ ఎలా రావాలో నేర్పాడు. చుడీదారు మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, పొద్దున బండి పంపేసిన తర్వాత వచ్చేది. ఒంటికి చేపల వాసన ఉంటుందని మొహమాటపడి మూల చాప ఎంచుకునేది. కొద్ది నెలల్లో నడుం నొప్పి తగ్గింది. ఆశ్చర్యం ఏమిటంటే, నొప్పి పోయినా ఆమె రావడం మానలేదు. నలభై దాటిన ఆడవాళ్లకు కూడా పోటీలుంటాయని హజరత్తయ్య ఒకసారి మాట వరసకు అంటే, "మాకు కూడానా!" అని ఆ రాత్రే చిన్నపోలయ్యకు చెప్పేసింది. తెల్లారేసరికి పల్లెకంతా తెలిసింది. పోటీకి వెళ్లాలనే నిర్ణయం ఎవరూ తీసుకోకుండానే అలా జరిగిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బస్టాండు దగ్గర పెంచలప్రసాద్ కొత్త జిమ్ము తెరిచాడు. అద్దాలు, ఏసీ, పాటలు. అన్నింటికీ మించి లోపల ఎర్ర రంగు గోడ ఒకటి. దాని మీద ఎవరి మ్యాక్స్ ఎంతో వాళ్ల పేరు పక్కన తెల్లని అంకెలతో రాస్తాడు. ప్రతి శనివారం మ్యాక్స్ పరీక్షే. ఎత్తేవాడు ఒకడైతే అరిచేవాళ్లు పది మంది, ఫోన్లు పట్టుకునేవాళ్లు ఇరవై మంది. హజరత్తయ్య జిమ్ములో కుర్రాళ్లు ఒక్కొక్కరే ఆ గోడ వైపు నడిచారు. పెంచలప్రసాద్ చెడ్డవాడేం కాదు. ఎదురుపడితే "బాగుండావా అన్నా" అని బండి ఆపి మరీ పలకరిస్తాడు. హజరత్తయ్యకు మండేది ఆ మర్యాదకే.

ఆ గోడ మీద ఆడవాళ్ల డెడ్‌లిఫ్ట్‌లో అన్నిటికంటే పైనున్న అంకె నూటపది. ఈ సంగతి హజరత్తయ్యకు ఎలా తెలిసిందంటే, అటు వెళ్లే పని లేకపోయినా రెండుసార్లు అటు వెళ్లాడు.

ఒకరోజు మాలకొండమ్మ చివరి సెట్‌కు ఎనభై కిలోలు పెట్టాడు. "ఐదు చాలు" అన్నాడు. ఆమె ఐదు ఎత్తింది. ఆపలేదు. ఆరు, ఏడు. రాడ్ కింద తగిలీ తగలగానే మళ్లీ లేస్తోంది. ఎనిమిది, తొమ్మిది. పెట్టెలు లారీకి ఎక్కించే లయ అది. పన్నెండు దగ్గర దించి, "ఏందన్నా, అట్టా చూస్తుండావు? ఎక్కువ చేసినానా?" అంది, రొప్పు కూడా సరిగా లేకుండా.

హజరత్తయ్య ఫోన్ తీశాడు. ఎనభైని పన్నెండుతో గుణించి ముప్పైతో భాగిస్తే ముప్పై రెండు. ఎనభైకి కలిపితే నూటపన్నెండు.

ఇక్కడ అతనికి బాగా తెలిసిన విషయం ఒకటుంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ అతనే చెప్పే విషయం. ఈ లెక్క ఐదుసార్ల లోపు అయితే నమ్మొచ్చు. పది దాటితే అది లెక్క కాదు, జాతకం. ఓపిక వేరు, బలం వేరు. ఎక్కువసార్లు ఎత్తగలిగినవాళ్లంతా ఎక్కువ బరువు ఎత్తగలరని లేదు. ఇదంతా ఆ క్షణాన గుర్తుకు రాలేదని కాదు, వచ్చింది. ఐతే నూటపదికంటే నూటపన్నెండు రెండు ఎక్కువ అనేది ఇంకా గట్టిగా గుర్తుకొచ్చింది. మనసు ఒప్పక రెండో సూత్రంతో కూడా కట్టాడు. బరువును ముప్పై ఆరుతో గుణించి, ముప్పై ఏడులోంచి ఎత్తిన సార్లు తీసేసి, మిగిలినదానితో భాగించే సూత్రమది. నూటపదిహేను వచ్చింది. రెండింటిలో చిన్నది తీసుకుంటున్నాను కదా అని తన నిదానానికి తానే మెచ్చుకుని, గుమ్మం పక్కన నల్లబల్ల మీద సుద్దతో రాశాడు: 'మాలకొండమ్మ, డెడ్‌లిఫ్ట్, 112.'

పదిహేనేళ్లుగా మ్యాక్స్ అనే మాటను గడప తొక్కనివ్వని మనిషి, ఎవరూ ఎత్తని మ్యాక్స్‌ను వీధిలోకి కనబడేలా రాసి పెట్టాడు.

మర్నాడే పెంచలప్రసాద్ వచ్చాడు. బల్ల ముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు.

"సంతోషం అన్నా. వీడియో ఉందా?"

"లేదు."

"పోనీ, ఎవురైనా చూసినారా?"

"చూసేదానికి ఏముంది? అది అంచనా."

"ఓ, అంచనానా" అన్నాడు పెంచలప్రసాద్, వినయంగా తల ఊపుతూ. "మా గోడ మీద ఎత్తినవి రాస్తుండాం. మీ బల్ల మీద ఎత్తబొయ్యేవి రాస్తుండారు. మంచిదే అన్నా. శనివారం మా దగ్గరికి పంపీ, అక్క ఎత్తితే మా గోడ మీద కూడా పైనే రాస్తా."

హజరత్తయ్య చేతిలోని సుద్ద ముక్కను జేబులో వేసుకున్నాడు. వెనక నుంచి మాలకొండమ్మ, "పోదాం అన్నా, ఎత్తేస్తా. నూటపన్నెండే గదా" అంది. ఆ అంకె ఆమెకు అప్పటికే సొంత ఆస్తి అయిపోయింది. పల్లెలో అందరికీ చెప్పింది. చిన్నపోలయ్య పడవ మీద కూడా ఆ మాటే నడుస్తోంది.

"ఎత్తగూడదు" అన్నాడు హజరత్తయ్య. "పోటీ ముందుండాది. ఇప్పుడు మ్యాక్స్ ఎత్తితే ఒళ్లు పాడవుతుంది."

ఆ మాట నిజమే. కానీ ఆ రోజు దాన్ని చెప్పింది సిద్ధాంతం కాదు, భయం. పెంచలప్రసాద్ "సరే అన్నా, మీ ఇష్టం" అని బండెక్కి వెళ్లాడు. సాయంత్రానికి సూళ్లూరుపేట టీ కొట్ల దగ్గర 'ఎత్తకుండా ఎత్తే జిమ్ము' అనే పేరు పుట్టింది.

పేరు పుట్టాక మొండితనం కూడా పుట్టింది. నూటపన్నెండులో పదో వంతు కోసి, వందను ఆధారంగా పెట్టుకుని శాతాలు వేశాడు. మొదటి వారం గడిచిపోయింది. చివరి సెట్ ఎనభై ఐదు. ఐదుసార్లు లేపింది కానీ మొహం ఎర్రబడింది. రెండో వారం చివరి సెట్ తొంభై. నూటపన్నెండు నిజమే అయితే, లెక్క ప్రకారం ఆమె దాన్ని ఏడుసార్లు ఎత్తాలి. ఈసారి చాప మీద రాడ్ తగిలి ఎగరకుండా, ప్రతిసారీ కింద పూర్తిగా ఆపి మళ్లీ లేపమన్నాడు. పోటీలో ఎలాగూ ఆగిన రాడ్‌నే లేపాలి.

ఒకటి లేచింది. రెండోది నెమ్మదిగా లేచింది. మూడోది లేచేసరికి చూరు మీద పావురాలు కూడా అటే చూస్తున్నట్టనిపించింది. నాలుగోది మోకాలి దగ్గర ఆగింది. ఆమె వీపు గుండ్రంగా వంగడం మొదలైంది.

"వదిలెయ్!" అని అరిచాడు హజరత్తయ్య.

రాడ్ దభాలున పడింది. మాలకొండమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఏమీ పట్టలేదు, కానీ పట్టేదే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఏ నడుం బాగుచేసుకోవడానికి ఆమె ఇక్కడికి వచ్చిందో ఆ నడుమే అది.

ఆ మధ్యాహ్నం హజరత్తయ్య అన్నం సరిగా తినలేదు. వెంకటశేషమ్మ మజ్జిగ పోస్తూ, "ఎవురి మీద కోపం?" అంది.

"లెక్క తప్పింది."

"లెక్క తప్పిందా, నువ్వు తప్పినావా?"

అతను పళ్లెంలో వేలితో మళ్లీ లెక్క కట్టాడు. తొంభై, మూడుసార్లు. ఒక సూత్రం తొంభై తొమ్మిది అంటోంది, ఇంకోటి తొంభై ఐదు అంటోంది. మధ్యలో తొంభై ఏడు. పాతికేళ్లు పెట్టెలు మోసిన ఒళ్లు కాబట్టి ఓపిక అపారం. దానికి తోడు ఆ పన్నెండూ సగం చాప ఎగరేసినవే. రెండూ కలిసి పదిహేను కిలోల అబద్ధం పుట్టించాయి. దాన్ని బల్ల మీదకెక్కించింది మాత్రం తనే.

తెల్లారి ఆమె వచ్చేసరికి బల్ల తుడిచేసి ఉంది. హజరత్తయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. మాలకొండమ్మ తుడిచిన బల్ల మీద మిగిలిన సుద్ద మరకను వేలితో రుద్దింది.

"మొన్న నూటపన్నెండు, ఇయ్యాల తొంభై ఏడా? రెండు వారాల్లో పదిహేను కిలోలు యాడికి పోయినాయన్నా? ఐసు కరిగినట్టు కరిగిపోయినాయా?"

"అవి ఎప్పుడూ లేవమ్మా. నేనే ఐసును కూడా చేపల్లో కలిపి తూసినా."

ఆమెకు నవ్వు రాలేదు. "ఊళ్లో అందరికీ చెప్పుకున్నా" అంది. "మా ఆయన పడవలో పందెం కూడా కట్టుండాడు."

"తప్పు నాదని చెప్పు."

"నీదే గదా మరి" అంది ఆమె. అంతటితో వెళ్లిపోతుందనుకున్నాడు. ఆమె చొక్కా చేతులు పైకి మడిచి, "సరే, ఇయ్యాల ఎంత?" అంది.

తొంభై ఏడులో పదో వంతు కోస్తే ఎనభై ఏడున్నర. దాని మీద కొత్త శాతాలు. మొదటి సెట్ యాభై ఏడున్నర, తర్వాత అరవై ఐదు, చివరిది డెబ్బై ఐదు. మాలకొండమ్మ దృష్టిలో యాభై ఏడున్నర కిలోలంటే అవమానం, ఇంట్లో గ్యాసు బండ ఎత్తినట్టే. హజరత్తయ్య ప్రతిసారీ "వేగంగా లేపు, శుభ్రంగా లేపు, ఇంకో రెండు ఎత్తగలవనగా ఆపు" అనేవాడు. ఎత్తగలిగినవి వదిలేయడం ఆమెకు ఎత్తడం కంటే కష్టమైంది. అయినా వారాలు గడిచేకొద్దీ బరువులు రెండున్నర కిలోల చొప్పున పెరుగుతూ వచ్చాయి. ఎప్పుడూ ఏదీ మోకాలి దగ్గర ఆగలేదు. చూడటానికి వచ్చినవాళ్లకు అంత విసుగు పుట్టించే సాధన మరొకటి లేదు. అరుపుల్లేవు, పడిపోవడాల్లేవు.

అదే కాలంలో ఎర్ర గోడ దగ్గర అంకెలు మారడం ఆగిపోయింది. శనివారం శనివారం మ్యాక్స్ పరీక్షించుకునేవాళ్లకు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒళ్లు నొప్పులు తగ్గడంతోనే సరిపోయింది. పెంచలప్రసాద్ తనే ముందుండి దారి చూపించబోయి తొడ కండరం లాగేసుకున్నాడు. బండి మీద ఒక కాలు చాపుకుని వెళుతూ కూడా "బాగుండావా అన్నా" అనడం మానలేదు.

పోటీకి పది రోజుల ముందు హజరత్తయ్య ఆమె బలాన్ని చివరిసారి తూచాడు. తొంభై రెండున్నర, మూడుసార్లు, ప్రతిదీ నేల మీద ఆపి.

"ఇంకా ఉండాయా?"

"ఒకటి ఉండాది. రెండు లేవు" అంది ఆమె. ఇప్పుడామెకు తన ఒంట్లో ఏం మిగిలిందో చెప్పడం వచ్చింది.

మిగిలిన ఒకటీ కలిపి నాలుగుగా లెక్క కట్టాడు. ఒక సూత్రం నూట ఒకటి దగ్గర ఆగింది. ఇంకోటి నూట ఐదుకు రెండువందల గ్రాములు తక్కువ చూపింది. ఈసారి బల్ల మీద ఏమీ రాయలేదు. పోటీకి మూడు ప్రయత్నాలు. మొదటిది తొంభై. నిద్ర లేకపోయినా, కడుపు బాగాలేకపోయినా లేచేది. రెండోది తొంభై ఏడున్నర. మూడోది నూట రెండున్నర.

పోటీ నెల్లూరులో ఒక కల్యాణ మంటపంలో పెట్టారు. వేదిక మీద పెళ్లి తోరణాలు ఇంకా విప్పలేదు. తూకానికి వెళ్లి వచ్చిన మాలకొండమ్మ మొహం అదోలా ఉంది.

"అన్నా, మా వయసులో, మా తూకంలో ఎంత మంది వచ్చినారో తెలుసా?"

"ఎంత మంది?"

"నేనే."

హజరత్తయ్య మనసులోనే లెక్కపెట్టుకున్నాడు. సూత్రాలు రెండు, కోసిన పదో వంతులు, తుడిచిన బల్ల, ఇన్ని నెలల శాతాలు. ఆమె మొదటి ప్రయత్నంగా ఖాళీ రాడ్ లేపినా బంగారు పతకం మెళ్లో పడుతుంది.

"మరి ఎంత ఎత్తినా ఒకటే గదా?" అంది ఆమె.

"పతకానికి ఒకటే" అన్నాడు అతను. 

తొంభై గాలిలా లేచింది. తొంభై ఏడున్నర కాస్త నిదానించి లేచింది, కానీ ఎక్కడా ఆగలేదు. రెండుసార్లూ ముగ్గురు న్యాయనిర్ణేతలూ సరిగ్గా లేచిందనే గుర్తుగా తెల్ల దీపాలే వెలిగించారు. చిన్నపోలయ్య వెనక వరసలో నిలబడి పడవను ఒడ్డుకు లాగేటప్పటి కేకలు వేస్తున్నాడు. మూడో ప్రయత్నం ఎంతో ఒక్క నిమిషంలో చెప్పాలి. హజరత్తయ్య నిర్వాహకుల బల్ల వైపు నడుస్తుంటే ఆమె చెయ్యి పట్టుకుంది.

"నూటైదు పెట్టన్నా."

"నూట రెండున్నర అనుకున్నాం గదా."

"నువ్వు అనుకున్నావు. ఇది పోటీ గదా, మ్యాక్స్ చూసేది ఈడ కాకపోతే ఇంక యాడ చూస్తాం? నీ లెక్కలో నూటైదు రాదా?"

"వస్తుంది. రెండొందల గ్రాములు తక్కువొస్తుంది."

"నాకు తెలిసిన ఏ తక్కెడకీ రెండొందల గ్రాములు ఆనవు" అంది మాలకొండమ్మ.

అడ్డం చెప్పడానికి అతనికి కారణం దొరకలేదు. ఓడిపోయినా పతకం పోదు. ఒళ్లు అలిసిపోలేదు. నడుం నిటారుగా ఉంది. మ్యాక్స్‌ను ఇన్నేళ్లు దాచిపెట్టమని అందరికీ చెప్పింది ఇలాంటి రోజు కోసమే కదా. కాగితం మీద నూటైదు రాసిచ్చాడు. 

రాడ్ నేలను వదలడానికి ఒక క్షణం ఒప్పుకోలేదు. వదిలింది. కాలి ఎముక మీదుగా పాకింది. మోకాలి దగ్గరికి వచ్చి ఆగినంత పని చేసింది. హజరత్తయ్య నోట్లో "వదిలెయ్" అనే మాట సిద్ధమైంది. ఆమె వీపు వైపు చూశాడు. బల్లపరుపుగా ఉంది. ఆ మాటను మింగేశాడు. రాడ్ మళ్లీ కదిలింది. అంగుళం, ఇంకో అంగుళం, తర్వాత ఒక్కసారిగా తుంటి ముందుకొచ్చి ఆమె నిటారుగా నిలబడింది. 'దించు' అనే సైగ వచ్చేదాకా నిలబడే ఉంది. మూడు తెల్ల దీపాలు.

చిన్నపోలయ్య వేదిక దాకా పరుగెత్తి వచ్చి వాలంటీర్లు ఆపితే ఆగాడు. తొడకు కట్టు కట్టుకుని మూలన కూర్చున్న పెంచలప్రసాద్ నిలబడబోయి, నొప్పితో మళ్లీ కూర్చుని చప్పట్లు కొట్టాడు. తర్వాత కుంటుకుంటూ హజరత్తయ్య దగ్గరికి వచ్చి, "అన్నా, ఆ మూడుసార్ల లెక్క నాక్కూడా ఒకసారి చెబుతావా?" అని చెవి దగ్గర గొణిగాడు. అందరూ మాలకొండమ్మతో ఫొటోలు దిగుతున్నారు. హజరత్తయ్య ఒక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్‌లో ఏదో గుణిస్తున్నాడు.

"ఏమయ్యా, ఆమె గెలిచినట్టేనా, కాదా?" అంది పోటీ చూడటానికి తోడు వచ్చిన వెంకటశేషమ్మ.

"గెలిచింది. రెండొందల గ్రాములు యాడ తేడా వచ్చిందో చూస్తుండా."

సాయంత్రం రైల్లో సూళ్లూరుపేటకు తిరిగి వస్తున్నారు. చిన్నపోలయ్య పక్క సీట్లవాళ్లకు పతకం చూపిస్తూ, పోటీ ఎంత గట్టిగా జరిగిందో వివరిస్తున్నాడు. ఎంతమంది పాల్గొన్నారని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. కిటికీ పక్కన కూర్చున్న మాలకొండమ్మ అరచేతుల్లో లేచిన కాయలు నొక్కుకుంటూ అడిగింది.

"అన్నా, ఇప్పుడు నా మ్యాక్స్ అంచనా కాదు గదా? నిజమే గదా?"

"నిజమే. నూటైదు."

"ఐతే సోమవారం ఎంత ఎత్తేది?"

హజరత్తయ్య అప్పటికే లెక్క కట్టి ఉన్నాడు. నూటైదులో పదో వంతు కోసి, ప్లేట్లకు సరిపడేలా సర్దితే తొంభై ఐదు. ఇంత గట్టిగా ఎత్తిన తర్వాత వారం ఒళ్లు తేరుకోవాలి కాబట్టి దానిలో నలభై, యాభై, అరవై శాతాలు.

"ముప్పై ఏడున్నరతో మొదలు" అన్నాడు.

"నూటైదు ఎత్తినదానికి ముప్పై ఏడున్నరా!" అని మాలకొండమ్మ రైలు పెట్టంతా వినబడేలా అరిచింది. చిన్నపోలయ్య కథ మధ్యలో ఆపి ఇటు తిరిగాడు. హజరత్తయ్య నిబ్బరంగా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"శుభ్రంగా లేపాలి" అన్నాడు. "కింద ఆపి."